జీతాల ఫోల్డర్ తెరుచుకుంది

మెయిల్ వచ్చేసరికి కొత్తమ్మాయి స్టేప్లర్‌లో ఇరుక్కుపోయిన పిన్నుతో కుస్తీ పడుతోంది. పర్చేజ్ సెక్షన్‌లో ఆమె చేరాక ఇంకెవరూ చేరలేదు కాబట్టి, ఆఫీసంతటికీ ఆమె ఇంకా కొత్తమ్మాయే. పిన్ను వదిలేసి చదివింది. ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయిందనీ, ఉత్తర్వు ఆఫీసంతా వాడే షేర్ డ్రైవ్‌లో సిబ్బంది ఫోల్డర్‌లో ఉందనీ, సంతకం చేసి పంపమనీ దాని సారాంశం.

వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, పర్మనెంట్ అయింది."

"ఏది?"

"నేను."

అవతల నవ్వు వినబడింది. "నీకేం, అదృష్టవంతురాలివి. నేనింకా మీ అమ్మ దగ్గర ప్రొబేషన్‌లోనే ఉన్నాను" అన్నాడు. "ఉత్తర్వు కాపీ పంపు. మేడ మీద ఇల్లు ఇంకెవరికో ఇచ్చేస్తానంటోంది ఇంటావిడ. సాయంత్రంలోగా చూపిస్తే మనదే."

ఆ ఇంటి మీద ఇద్దరికీ మనసు పడిపోయింది. రెండే గదులు, కానీ వంటింటి కిటికీ తెరిస్తే పొద్దుటి ఎండ సరాసరి పొయ్యి గట్టు మీద పడుతుంది. చూడ్డానికి వెళ్లిన రోజు ఆ ఎండలో ఆమె ఊరికే చేతులు చాపి నిలబడింది. పర్మనెంట్ ఉద్యోగం ఉన్నట్టు కాగితం చూపిస్తే తప్ప ఇంటావిడ తాళంచెవి ఇవ్వదు.

హుషారుగా షేర్ డ్రైవ్ తెరిచింది. సిబ్బంది ఫోల్డర్‌లో ఆమె ఉత్తర్వు వెంటనే కనబడలేదు గానీ, ఉత్తర్వులకు ఎగువన 'జీతాలు' అని ఒక ఫోల్డర్ కనబడింది. ఎలాగూ అనుమతి లేదని చెప్పే పెట్టె వస్తుందిలే అనుకుంటూ చెయ్యి అలవాటుగా నొక్కేసింది. పెట్టె రాలేదు. నెలలవారీగా ఫైళ్లు వచ్చాయి. ఇదేమిటా అని ఒకదాని మీద ఒక్కసారి నొక్కింది, అంతే. కుడివైపు ప్రివ్యూలో కాగితం మొదటి వరసలు తెల్లగా పరుచుకున్నాయి. మొట్టమొదటి వరసలో ఎండీగారు, పక్కనే అంకె. కొత్తమ్మాయికి చెవులు వేడెక్కాయి. పరాయి ఇంట్లో తలుపు తోసి లోపల బట్టలు మార్చుకుంటున్న మనిషిని చూసినంత పనైంది. టక్కున మూసేసింది.

చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు. కానీ తన జీతం కూడా అక్కడే ఉంది కదా, ఎవరెవరు చూస్తున్నారో అన్న ఆలోచన రాగానే ఊరుకోబుద్ధి కాలేదు. కంప్యూటరాయనకు ఫోన్ చేసింది. ఆఫీసు సర్వర్లన్నీ చూసుకునేది ఆయనొక్కడే.

"నేను తెరిచి చూశానమ్మా, బాగానే తెరుచుకుంటోంది" అన్నాడాయన.

"మీకు తెరుచుకోవాలి సార్. నాకు తెరుచుకోకూడదు."

"అట్లాగా." ఆలోచించాడు. "అది సిబ్బంది విభాగం ఫోల్డర్ తల్లీ. నేను ముట్టుకోవాలంటే రూల్సు సారు చెప్పాలి."

రూల్సు సారంటే సిబ్బంది విభాగం అధికారి. దగ్గినా ఏ నిబంధన కింద దగ్గాడో చెప్పగల మనిషి. ఆమె చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు తెరిచావు?"

"తెరుచుకుంటుందని తెలియక సార్."

"తెలియకపోతే తెరవకూడదు. తెలిస్తే అసలే తెరవకూడదు."

"నేను చెప్పకపోతే మీకు తెలిసేది కాదు సార్."

"అదే నా అనుమానం. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

ఇవాళే చూశానని మూడు విధాలుగా చెప్పింది. ఆయన మూడింటికీ ఒకే తీరుగా తల పంకించి, జరిగింది రాసివ్వమన్నాడు. ఏ దారిలో వెళ్లిందో, ఏం నొక్కిందో, ఏం కనబడిందో, ఫైలేదీ తెరవలేదని, ఏదీ కాపీ చేసుకోలేదని, అందులోది ఎవరికీ చెప్పలేదని రాసింది. కనబడిన అంకె మాత్రం రాయలేదు. చదివి ఆయన, "సరే, విచారణ తేలేదాకా నీ ఉత్తర్వు ఆపుతున్నాను" అని, డ్రైవ్‌లోని కాపీ తీసేసి, అసలు కాగితం సొరుగులో పెట్టేశాడు.

"సార్, అది పర్మనెంట్ ఉత్తర్వు."

"కాబట్టే తొందర లేదు."

ఆమె సీటుకు తిరిగొచ్చేసరికి భర్త మెసేజ్ పెట్టాడు, కాపీ ఏదని. వెనకాలే అత్తగారి మెసేజ్: 'అమ్మాయ్, నువ్వు పర్మనెంట్ అయ్యావని మన కింద వాటాల వాళ్లందరికీ చెప్పేశాను.' కొత్తమ్మాయి ఫోన్ బోర్లా పెట్టింది.

కాసేపటికి రూల్సు సారు స్వయంగా వచ్చాడు, వెనక కంప్యూటరాయన. "అయిపోయింది. ఇక ఎవరూ తెరవలేరు" అన్నాడు సారు విజయగర్వంతో.

ఆమె చూసింది. జీతాలు అనే ఫోల్డర్ నిజంగానే లేదు. దాని స్థానంలో 'పాత ఫొటోలు' అని ఒకటి ఉంది. తెరిస్తే అదే ఫైళ్లు.

"పేరు మార్చారా సార్?"

"జీతాలని ఉంటేనే కదా తెరవాలనిపించేది."

"పాత ఫొటోలంటే ఇంకా ఎక్కువమంది తెరుస్తారు సార్" అన్నాడు కంప్యూటరాయన నేల చూపులు చూస్తూ. "పేరుకీ అనుమతికీ సంబంధం లేదని మనవి చేశాను. వినిపించుకోలేదు."

"అయితే పాత పేరే పెట్టి, ఈమెను ఆపెయ్."

కంప్యూటరాయన తన ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ భద్రత పేజీ తెరిచి, ఆమె పేరు చేర్చి, పక్కన ఎర్ర గుర్తుతో 'నిరాకరణ' అని పెట్టాడు. ఈసారి నొక్కితే అనుమతి లేదన్న పెట్టె వచ్చింది. రూల్సు సారు చేతులు దులుపుకున్నాడు.

"సార్" అంది కొత్తమ్మాయి, ఓపిక కూడగట్టుకుంటూ, "ఈ భద్రత పేజీలో నా పేరు ఇప్పుడే కదా చేర్చారు. ముందు లేదు. లేనిదాన్ని నేనెలా వెళ్లాను? ఏదో దారి ఉంది. ఆ దారిలో నేనొక్కదాన్నే లేను. తలుపు తీసి ఉందని చెప్పినదాన్ని బయట నిలబెట్టారు గానీ, తలుపు అలాగే ఉంది."

"ఊహాగానం" అన్నాడు రూల్సు సారు.

పక్క సీటు అక్క అప్పటిదాకా ఫైల్లో తల దూర్చి ఉంది. ఇంటికి తొందరగా వెళ్లాలన్న ఆలోచనలో ఉందేమో, తల ఎత్తకుండానే అంది: "నాకు తెరుచుకుంటోందిగా. ఎప్పటినుంచో."

అక్కకు తానేం అన్నదో అప్పుడు వినబడింది.

"ఎప్పటినుంచో అంటే?" రూల్సు సారు గొంతు సన్నబడింది.

"అంటే... పుకారుగా విన్నాను సార్."

ఆయన అటు తిరగ్గానే అక్క కొత్తమ్మాయి చెవిలో గొణిగింది. "అందరికీ తెలుసే పిచ్చిదానా. నీకెందుకొచ్చిన పెద్దరికం ఇది. మన సెక్షన్ వాళ్లు ఇంక్రిమెంటు అడిగేటప్పుడు అంకె అంత కచ్చితంగా ఎలా చెబుతారనుకున్నావ్?"

కొత్తమ్మాయికి ఒళ్లు మండింది. అందరూ చూస్తూ హాయిగా ఉన్నారు, చెప్పిన తన ఉత్తర్వేమో సొరుగులో ఉంది. కానీ ఆ మంటలోనే ఒక సంగతి తట్టింది. "మన సెక్షన్ వాళ్లేనా అక్కా? స్టోర్స్ వాళ్లకూ తెరుచుకుంటుందా?"

"వాళ్లకు లేదు. పాపం, మమ్మల్నే అడుగుతుంటారు."

ఆ మాట కంప్యూటరాయనకు చేరవేసింది. ఆయన ముఖం మొదటిసారి వెలిగింది. "అట్లా చెప్పు. మనుషుల్ని కాదు, గ్రూపుల్ని వెతకాలి." అక్క లాగిన్ ఏ దారిలో ఆ ఫోల్డర్‌లోకి వెళుతోందో సర్వర్‌ను అడిగి, వివరంగా చూపించాడు. జీతాల ఫోల్డర్ చదివే అనుమతి 'జీతాల బృందం' అనే ఒక్క గ్రూపుకే ఉంది. ఆ గ్రూపులో సిబ్బంది విభాగం గుమస్తా ఉంది, రూల్సు సారు ఉన్నాడు, వాళ్లిద్దరి తర్వాత మొత్తం పర్చేజ్ సెక్షన్ గ్రూపు ఉంది, పెట్టెలో పెట్టె పెట్టినట్టు. పైనుంచి చూస్తే మూడు పేర్లే. మూడో దాన్ని విప్పితే అందరూ.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు రూల్సు సారు ఉరుముతూ.

కంప్యూటరాయన గొంతు సవరించుకున్నాడు. "మీ గుమస్తా కాన్పుకు వెళ్లినప్పుడు సార్. జీతం స్లిప్పులు ప్రింటు తీయడానికి పర్చేజ్ నుంచి ఎవరినైనా పంపమన్నారు. ఎవరొస్తారో తెలియదు, అందరికీ ఇచ్చెయ్, రేపు తీసేద్దువు గానీ అని మీరే అన్నారు. తీసెయ్యమని మళ్లీ ఎవరూ చెప్పలేదు."

"నువ్వు అడగొచ్చుగా."

"మీరు చెప్పొచ్చుగా సార్."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటుండగా కొత్తమ్మాయి, "ముందు తీసెయ్యండి, తర్వాత పోట్లాడుకోండి" అంది. కంప్యూటరాయన ఆ గ్రూపును తీశాడు. అక్క నొక్కింది. ఫోల్డర్ తెరుచుకుంది.

"చూశావా" అన్నాడు రూల్సు సారు, ఎందుకో ఆనందంగా. "ఇందులో ఏదో మోసం ఉంది."

"మోసం కాదు సార్. పొద్దున లాగిన్ అయినప్పుడు ఏయే గ్రూపుల్లో ఉన్నారో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. రోజంతా అదే చూపిస్తుంది. బయటికి వెళ్లి మళ్లీ రావాలి" అన్నాడు కంప్యూటరాయన.

అక్క లేచి వరండాలోకి వెళ్లి వచ్చింది.

"మీరు కాదండీ, లాగిన్."

లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయింది. అనుమతి లేదన్న పెట్టె వచ్చింది. బూడిదరంగు పెట్టె, మధ్యలో ఎర్ర గుర్తు. కొత్తమ్మాయికి ఆ పెట్టె ఎంత ముద్దొచ్చిందో చెప్పలేం.

సందడి విని ఎండీగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. జరిగింది రూల్సు సారు తన పద్ధతిలో చెప్పి, ముగింపుగా ఇలా అన్నాడు: "ఈ అమ్మాయి ఫైలు తెరవలేదని రాసిచ్చింది సార్. సర్వర్ చిట్టా చూడండి, తెరిచినట్టే ఉంటుంది. అబద్ధం రాసినవాళ్లను పర్మనెంట్ ఎలా చేస్తాం?"

ఆడిటర్లు పట్టుబట్టడంతో ఆ ఫోల్డర్‌కు చదివినవాళ్ల చిట్టా ఎప్పుడో పెట్టారు. అప్పట్నుంచి దాన్ని చదివినవాళ్లు లేరు. కంప్యూటరాయన తీశాడు. నిజమే, కొత్తమ్మాయి పేరు మీద ఇవాళ ఒక ఫైలు చదివినట్టుంది. మేడ మీది ఎండ ఒక్కసారిగా చాలా దూరమైపోయింది.

"నేను తెరవలేదు. ఒక్కసారి నొక్కాను. ప్రివ్యూలో అదే వచ్చింది. అలా అనే రాశాను కూడా."

"ప్రివ్యూ చూపించాలంటే కంప్యూటర్ ఫైలు చదవాల్సిందే సార్" అన్నాడు కంప్యూటరాయన. తన ల్యాప్‌టాప్‌లో ఒక ఖాళీ ఫైలుకు అలాగే చిట్టా పెట్టి, దాన్ని తెరవకుండా ఒక్కసారి నొక్కి చూపించాడు. చదివినట్టు నమోదైంది. "తెరిచినా ఇదే మాట, ప్రివ్యూ అయినా ఇదే మాట. చిట్టాకు తేడా తెలియదు."

ఎండీగారు చిట్టా ఇంకా కిందికి జరపమన్నారు. జరుపుతూ పోతుంటే పర్చేజ్ సెక్షన్ మొత్తం వచ్చి వెళ్లింది. కొందరు నెలకోసారి, ఒకాయన రోజూ. అక్క కర్చీఫ్‌తో ముఖం తుడుచుకుంది. కొత్తమ్మాయి పేరు మాత్రం ఒకే చోట, ఇవాళ్టి తేదీ దగ్గర.

"ఇంతమంది చూశారు. చెప్పింది ఎవరు?" అన్నారు ఎండీగారు.

కంప్యూటరాయన కొత్తమ్మాయిని చూపించాడు.

"ఎవరి ఉత్తర్వు ఆపారు?"

రూల్సు సారు కళ్లజోడు తుడవడం మొదలుపెట్టాడు. అవసరానికి మించి తుడిచాడు. తర్వాత తన గదికి వెళ్లి, ఉత్తర్వు తెచ్చి, నిబంధన ప్రకారం తానే ఆమె చేతికిచ్చాడు. ఆమె అక్కడే సంతకం పెట్టి, సాయంత్రం కాకముందే ఫొటో తీసి భర్తకు పంపింది.

"నిరాకరణ కూడా తీసెయ్యండి సార్" అంది కంప్యూటరాయనతో. "నా ఒక్కదాని పేరు మీద అలా ఎర్రగా ఉంటే బాగోదు."

ఎండీగారు వెళ్లబోతూ ఆగారు. "ఇదొక్కటేనా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"తెలియదు సార్" అన్నాడు కంప్యూటరాయన. "నా లాగిన్‌తో వెతికితే అన్నీ తెరుచుకుంటాయి. ఏ ప్రత్యేక అనుమతీ లేని మామూలు లాగిన్‌తో వెతకాలి."

అందరూ కొత్తమ్మాయి వైపు చూశారు.

"రేపు పొద్దున సెక్షన్ హెడ్లందరూ నా గదికి రండి. ఏ ఫోల్డర్‌లో ఎవరికి పనుందో మీరు చెప్పండి, పని లేని ప్రతి గ్రూపునూ ఆయన తీసేస్తాడు" అన్నారు ఎండీగారు. "ఈ అమ్మాయి తన లాగిన్‌తో ఒక్కో ఫోల్డర్ నొక్కుతూ పోతుంది. తెరుచుకోకూడనిది తెరుచుకుంటే, ఎందుకు తెరిచావని ఎవరూ అడగకండి."