బొట్టు కింద అంకె

ఓడరేవు పక్క పేట ఏక్‌బాల్‌పూర్‌లో, వలస వచ్చిన శ్రీకాకుళం వాళ్ళ ఇళ్ళకు వైరింగు అంటే గవరయ్యే. ఓడరేవు వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. అతని లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. అందుకే జగ్గమ్మ పోయిన తొమ్మిదో రోజున ఆమె కొడుకు ఉమామహేశ్ మళ్ళీ అతన్నే పిలిచాడు.

మూడో అంతస్తు ఫ్లాటులో వంటగది గోడ నల్లగా ఉంది. పక్క గదిలోనే మధ్యాహ్నం కునుకు తీస్తున్న జగ్గమ్మ పొగకు ఊపిరాడక పోయింది. ఆ సమయానికి కోడలు పుష్పరాణి ఇడ్లీ యంత్రం వేసి, నీళ్ళ కోసం కిందికి దిగింది. అంతే, ఊరంతా ఒకటే మాట: కోడలు స్విచ్చు ఆపకుండా పోయింది, అత్తను చంపింది. మొగుడు కూడా తొమ్మిది రోజులుగా ఆమెతో మాట్లాడటం లేదు.

"రేపు కరెంటు ఇన్‌స్పెక్టరు వస్తాడు బాబాయ్. లోడు ఎంతుందో కాయితం అడిగినాడు. లోడు తక్కువేనని నువ్వు రాసిచ్చేస్తే, ఇదంతా దీని తప్పేనని తేలిపోద్ది" అన్నాడు ఉమామహేశ్. గోడకు ఆనుకుని నిలబడ్డ పుష్పరాణి తల ఎత్తలేదు.

గవరయ్య సంచిలోంచి పాత కాగితం తీశాడు. నిరుడు విశ్వకర్మ పూజ మరునాడు, ఈ ఇంటికి వైరు లాగినప్పుడు తానే రాసిన లెక్క. తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, ముప్పై ఆరు. డెబ్బై అయిదు వాట్ల ఫ్యాన్లు మూడు, రెండు వందల ఇరవై అయిదు. టీవీ ఎనభై, ఫ్రిజ్ నూట యాభై, మిక్సీ అయిదు వందలు. అన్నీ కలిపి తొమ్మిది వందల తొంభై ఒకటి. ఆఖరున ఇడ్లీ యంత్రం, ఆరు వందల తొంభై. మొత్తం పదహారు వందల ఎనభై ఒకటి. ఈ ఇంటికి మంజూరైన లోడు రెండు వేల వాట్లు. ఇంకా మిగులే, అనుకున్నాడు అప్పుడు.

ఆ యంత్రం విప్పేసిన పాత ఓడ వంటగదిలోది, వాట్‌గంజ్ పాత సామాన్ల బజారులో కొన్నది. దానికి బిగించిన ఇత్తడి రేకు మీద వాట్లు రాయలేదు. వోల్టులు, ఆంప్స్ మాత్రమే ఉన్నాయి. రెంటినీ గుణిస్తే వాట్లు వస్తాయి. గవరయ్య రెండు వందల ముప్పైని మూడుతో గుణించాడు. ఓడ సరుకు కదా, తక్కువ కరెంటు తింటుందిలే అని సర్దుకున్నాడు. మూడు ఆంప్సే అనుకుని ఒక ఎంఎం సన్న వైరు లాగాడు. మీటరు పెట్టెలో, కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే పదహారు ఆంప్స్ ఎమ్‌సీబీ స్విచ్చుని అలాగే వదిలేశాడు.

ఇప్పుడు యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రేకు మళ్ళీ చదివాడు. యంత్రం కాలలేదు. కాలింది దాని వైరే. ఇత్తడి రేకు మీద పూజనాడు జగ్గమ్మ పెట్టిన పసుపూ కుంకుమా ఎండి గడ్డకట్టి ఉన్నాయి. ఒక బొట్టు సరిగ్గా మూడు పక్కన, ఎడమ వైపున ఉంది.

గవరయ్య తువ్వాలు మూల తడుపుకొని మెల్లిగా తుడిచాడు. కుంకుమ కింద ఒకటి బయటపడింది. పదమూడు.

రెండు వందల ముప్పైని పదమూడుతో గుణిస్తే రెండు వేల తొమ్మిది వందల తొంభై. ఇంటి మొత్తం లోడు నాలుగు వేలకు ఇంచుమించు. పదమూడు ఆంప్స్‌కు పదహారు ఎమ్‌సీబీ పడదు. సన్న వైరు మాత్రం రోజూ కాగుతుంది, తొడుగు కొంచెం కొంచెంగా మాడుతుంది. ఆ మధ్యాహ్నం అంటుకుంది. స్విచ్చు వేసింది పుష్పరాణి కాక ఇంకెవరైనా అంటుకునేదే.

కాగితం మడిచి సంచిలో పెట్టేసి వెళ్ళిపోవచ్చు. ఇన్‌స్పెక్టరు రేకు చూడకపోవచ్చు కూడా. ముప్పై ఏళ్ళ పేరు నిలబడుతుంది, ఈ పిల్ల నెత్తిన ఒక చావు నిలబడుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు గవరయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఒరే ఉమా, నీ పెళ్ళాం తప్పు లేదురా. నేనే పదమూడుని మూడని సదివినాను" అన్నాడు.

ఉమామహేశ్ మొహం పాలిపోయింది. "ఏటి బాబాయ్? ముప్పై ఏళ్ళ సర్వీసు నీది... పదమూడుకి, మూడుకి తేడా తెలీలేదా?"

"బొట్టు అడ్డమొచ్చింది. అంకె కనబడలేదు."

అప్పుడు పుష్పరాణి గవరయ్య వైపు తిరిగి, తొమ్మిది రోజుల తరువాత మొదటిసారి నోరు విప్పింది.

"నువ్వు లెక్క రాసిన రోజే, తుడుద్దామని గుడ్డ తెచ్చినాను మావా. 'అత్త పెట్టిన బొట్టు తుడుస్తావేటే, కళ్ళుపోతాయి' అని నువ్వే నన్ను కసిరినావు."

గవరయ్య కొత్త కాగితం మీద మొత్తం లోడు మూడు వేల తొమ్మిది వందల ఎనభై ఒకటి అని రాసి, కింద తన పేరు పెట్టాడు. ఆ కాగితం ఎవరికివ్వాలో తెలియక, పుష్పరాణి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చదవలేదు. చాపమీద అత్త పడుకునే చోటు వంకే చూస్తూ నిలబడింది.