పిట్టలకు ప్రవేశం లేదు

నాలుగేళ్ళుగా కెమెరా క్లబ్బు ఫొటో పోటీలో ఒకే పిట్ట గెలుస్తోంది.

మొదటి ఏడాది సూర్యాస్తమయం మీద ఎగిరింది. రెండో ఏడాది వంతెన మీద, మూడో ఏడాది రైలు పట్టాల మీద, పోయినేడాది ఫ్యాక్టరీ పొగలో. అదే తోక, అదే రెక్కల వంపు. ఎడమ రెక్కలో ఒక ఈక లేదు. నాలుగేళ్ళయినా అది మొలవలేదు. ప్రెసిడెంటుగారు దాన్ని కంప్యూటర్లో పెంచుకుంటున్నారని అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్నదే సమస్య.

కొత్త సెక్రటరీ కట్టింది. పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు, ఖాళీ ఉన్నప్పుడు ఫొటోగ్రాఫరు. ఈసారి మొదటి బహుమతి మసక వెలుతురులో కూడా బాగా తీసే లెన్సు. గెలిచినవాళ్ళ కెమెరాకి సరిపోయేది క్లబ్బే తెప్పిస్తుంది. దాని కోసం ఆమె ఏడాదిగా కొట్టుకుపోతోంది. అందుకే ప్రకటన రాసే పని వచ్చినప్పుడు పళ్ళు బిగించి రాసింది.

విషయం: నిరీక్షణ. క్లబ్బు సభ్యులూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళూ పంపొచ్చు. మనిషికి రెండు ఫొటోలు. కెమెరా అయినా ఫోనయినా సరే. ఈ ఏడాదిలో తీసినవే ఉండాలి. ఫొటో మీద పేరు, సంతకం కనిపిస్తే కొట్టివేత. అంచులు కత్తిరించవచ్చు, వెలుతురు సరిచేయవచ్చు.

నాలుగో నియమం: ఫొటోలోకి ఏదీ చేర్చరాదు, ఏదీ తీసేయరాదు. చివరి పదిమందిలో నిలిచినవాళ్ళు కెమెరా దాచిన అసలు ఫైలు చూపించాలి.

ఐదో నియమం: గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే ఆ మనిషి సంతకం చేసిన అంగీకార పత్రం ఎంట్రీతో పాటే ఇవ్వాలి. తర్వాత తెస్తామంటే కుదరదు.

గడువు శనివారం సాయంత్రం ఆరు. ఎంట్రీలు తీసుకునేది లైబ్రేరియను. ఆయన నంబర్లు వేసి, పేర్ల జాబితా కవర్లో పెట్టి సీలు వేస్తాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ బయటివాళ్ళే. ఒక్కొక్కరి చేతిలో వంద మార్కులు: విషయానికి నలభై, కూర్పుకు ముప్పై, వెలుతురుకీ పనితనానికీ కలిపి ఇరవై, కొత్తదనానికి పది. మొత్తం సమానమైతే విషయానికి ఎక్కువ వచ్చినవాళ్ళే పైన. రెండో బహుమతి కెమెరా స్టాండు, మూడోది ఫ్రేము కట్టిన పెద్ద ప్రింటు. బహుమతికి బదులు డబ్బు ఇవ్వబడదు.

కమిటీలో చదివి వినిపించగానే ప్రెసిడెంటుగారి మొహం మాడిపోయింది.

"అమ్మా సెక్రటరీ, ఆకాశం బోసిగా ఉంటే ఓ చిన్న పిట్టని ఎగరేయడం కూడా తప్పేనా?"

"బోసిగా ఉంటే బోసిగానే ఉండాలి సార్. నిజం అంటే అదే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని ఆమెకి అప్పుడు తెలియదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి చుట్టుకుంది.

ఆమె దగ్గరున్నది ఒక్కటే ఫొటో, కానీ బంగారంలాంటిది. క్లినిక్కులో మూసిన తలుపు ముందు అత్తగారు కొత్త కట్టుడు పళ్ళ కోసం కూర్చుని ఉంది. పాతవి ఒళ్ళో డబ్బాలో ఉన్నాయి. కిటికీ వెలుగు ఒక చెంప మీద పడింది. నోరు బోసి, కళ్ళు తలుపు మీద. చూసినవాళ్ళకి కూడా తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అనిపించే ఫొటో.

"సంతకం పెట్టను" అంది అత్తగారు.

"అత్తయ్యా, ఆరింటికి గడువు!"

"అయితే అయింది. ఊరందరి ముందూ నా బోసినోరు గోడకి వేలాడదీస్తావా? ముప్పయ్యేళ్ళు పరీక్షల ఆఫీసులో పని చేశాను, ఒక్కడు నా ముందు నోరెత్తలేదు. ఇప్పుడు నా నోరే ప్రదర్శనా?"

"ఫొటో అద్భుతంగా ఉందత్తయ్యా."

"ఉంటే పళ్ళు పెట్టు. మీ ప్రెసిడెంటు పిట్టని పెడుతున్నాడుగా, నువ్వు పన్నెండు పళ్ళు పెట్టలేవూ? పెట్టిన మరుక్షణం సంతకం."

సెక్రటరీ ముందు నవ్వింది. నాలుగింటికి నవ్వడం మానేసింది. నాలుగున్నరకి కంప్యూటరు ముందు కూర్చుని, వేరే ఫొటోలోంచి అత్తగారి కొత్త పళ్ళు కత్తిరించి ఆ నోట్లో అమర్చింది. భలే కుదిరాయి. అసలు ఫైలు చివరి పదిమందినే కదా అడిగేది? కానీ చివరి పదిమందిలో లేకపోతే లెన్సెక్కడిది?

పైగా పళ్ళు వచ్చాక ఆ మనిషి దేనికోసం ఎదురుచూస్తున్నట్టు? ఫొటోలోంచి నిరీక్షణే పోయింది.

ఐదింటికి పళ్ళు అమర్చిన ఆ ఫైలు చెరిపేసి, అంగీకార పత్రం, పెన్నూ పట్టుకుని అత్తగారి కుర్చీ ముందు నేల మీద చతికిలబడింది.

"దండం పెడతానత్తయ్యా. ఏం చేయమంటే అది చేస్తాను."

అత్తగారు ప్రకటన కాగితం తీసి, పరీక్షల ఆఫీసు అలవాటు కొద్దీ పెన్సిలుతో గీతలు గీస్తూ చదవసాగింది. ఒక్కో నియమం దగ్గర ఆగుతోంది. తిప్పి మళ్ళీ చదువుతోంది. గడియారం ఐదుంబావు చూపించింది. ఐదున్నర చూపించింది. కోడలు పెన్ను చాపుకుని, నోరు తెరుచుకుని, జుట్టు పీక్కున్న అవతారంలో అలాగే చూస్తోంది.

క్లిక్.

అత్తగారి చేతిలో ఫోను ఉంది.

"ఇంట్లోవాళ్ళూ పంపొచ్చని నువ్వే రాశావు. ఫోనయినా సరేనని నువ్వే రాశావు" అంది ఆవిడ తాపీగా. "గుర్తుపట్టగలిగే మనిషి సంతకం కావాలనీ నువ్వే రాశావు. పెట్టు."

"ఆ మొహమా? నన్ను ఎవరన్నా చూస్తే..."

"ఏం, నీ మొహానికి పరువుంది, నా నోటికి లేదూ?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సరిహద్దులో బందీలను మార్చుకుంటున్నట్టు, కాగితాలు ఎదురెదురుగా పెట్టి ఒకేసారి సంతకాలు చేశారు.

లైబ్రరీ నాలుగు వీధుల అవతల. ఒకరి ఫొటో పెన్‌డ్రైవులో, ఇంకొకరిది ఫోనులో. స్కూటరు మీద వెనక కూర్చున్న అత్తగారు దారి పొడవునా "సిగ్నలు, సిగ్నలు" అంటూ వీపు మీద పొడిచింది. వాళ్ళు లోపలికి దూకేసరికి లైబ్రేరియను రిజిస్టరు మూస్తున్నాడు. గోడ గడియారం ఆరుకి రెండు నిమిషాలు తక్కువ.

"ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అని నంబర్లు వేశాడు ఆయన. బోసినోటికి ఇరవై ఏడు, పెన్నుకి ఇరవై ఎనిమిది.

వారం తర్వాత చివరి పది నంబర్లు గోడకెక్కాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఉన్నాయి. ప్రెసిడెంటుగారి పదమూడూ ఉంది: ఖాళీ బస్టాపు, పైన ఒక పిట్ట. అసలు ఫైలు తెమ్మంటే హార్డ్ డిస్కు పాడైందన్నారు. మర్నాడు దొరికిందన్నారు. తెరిస్తే బస్టాపు ఉంది, ఆకాశం ఉంది, పిట్ట లేదు.

"అప్పుడే ఎగిరిపోయినట్టుంది" అన్నాడు లైబ్రేరియను, నంబరు కొట్టేస్తూ.

ఆదివారం హాల్లో సీలు కవరు విప్పారు. మూడు వందలకి రెండు ఎంట్రీలకు సమానంగా రెండు వందల యాభై ఒకటి. సమానమైతే ఏం చేయాలో సెక్రటరీకి తన ప్రకటనే గుర్తొచ్చింది.

"విషయానికి ఇరవై ఏడుకి నూట తొమ్మిది" అని చదివింది న్యాయనిర్ణేతల పెద్ద. "ఇరవై ఎనిమిదికి నూట పద్నాలుగు. ఆ పెన్ను పట్టుకున్న అమ్మాయి మొహంలో ఉన్నంత నిరీక్షణ మేమెక్కడా చూడలేదు."

హాలంతా సెక్రటరీ వైపు తిరిగి ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా ప్రెసిడెంటుగారు. అత్తగారు కొత్త పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ వేదికెక్కింది. ఫోను తప్ప కెమెరా లేని మనిషి. లెన్సు ఏ కెమెరాకి కావాలని అడిగితే, కోడలి కెమెరా పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

సెక్రటరీకి కళ్ళు చెమర్చాయి. స్టాండు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాక మెల్లగా అంది.

"థాంక్స్ అత్తయ్యా. అయితే ఆ లెన్సు..."

"లెన్సు నాది. గెలిచింది నేను" అంది అత్తగారు, వంటింటి తలుపుకి ఒక కాగితం అంటిస్తూ. "వాడుకోవాలంటే నియమాలున్నాయి. చదువుకో."

కింద సంతకానికి గీత గీసి ఉంది. పెన్ను కూడా దారంతో కట్టి ఉంది.