మైనస్ ఏడు

ఆఫీసులో అందరూ ఆమెకి చాటుగా పెట్టిన పేరు పోలీసమ్మ. కాఫీ కప్పు మాయమైతే నాలుగు మొహాలు చూసి దొంగెవరో చెప్పేస్తుందని ప్రతీతి. ప్రోగ్రామర్లని ఇంటర్వ్యూ చేసి తీసుకునే పని ఆమెది. మనిషిని నమ్మడానికి జీతం ఎందుకివ్వాలి, అనుమానించడానికే ఇస్తారు అని ఆమె సిద్ధాంతం.

ఆ అనుమానం ఇప్పుడు పెద్దసారు మీద వాలింది. పెద్దసారంటే ఆమె పైన ఉండే టీమ్ హెడ్. కొంతకాలంగా ఇంటర్వ్యూకొచ్చేవాళ్లు ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అందుకుంటున్నారు. ప్రశ్నల ఫైలు తెరవగలిగేది ఇద్దరే, ఆమె, ఆయన. పైగా ఆయన మేనల్లుడు ఇదే ఉద్యోగానికి అప్లై చేశాడు. ఇంక చెప్పేదేముంది?

ఆమె సరాసరి హెచ్.ఆర్. మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"లీకు పెద్దసారిదేనండీ. ఆ మేనల్లుడి ఇంటర్వ్యూలో రుజువు చూపిస్తా."

"చూపిస్తే ఆయన్ని పంపించేస్తాం. ఇరవయ్యేళ్ల సర్వీసమ్మా, చూసి మాట్లాడు."

"చూసే మాట్లాడుతున్నానండీ."

ఎర కోసం కొత్త ప్రశ్న తయారుచేసింది. బైనరీ ట్రీ అంటే ఒక్కో నోడ్‌కి, అంటే కణుపుకి, కింద మహా అయితే ఇద్దరు పిల్లలుండే చెట్టు. దాని ఎత్తు ఎంతో చెప్పాలి. డయామీటర్ చెప్పాలి, అంటే ఏ రెండు నోడ్ల మధ్యనైనా ఉండే అతి పొడవైన దారి. బ్యాలెన్స్ ఉందో లేదో చెప్పాలి, అంటే ప్రతి నోడ్ దగ్గరా కుడి ఎడమల ఎత్తుల తేడా ఒకటికి మించకూడదు. మూడూ విడివిడిగా అయితే ఎవరైనా చేస్తారు. చెట్టునంతా ఒక్కసారే తిరిగి మూడూ చెప్పాలి, అదీ మెలిక. పిల్లలు ముందు లెక్క అప్పజెప్పాలి, దాన్నిబట్టి తల్లి తన లెక్క కట్టుకుని పైకి అప్పజెప్పాలి.

జవాబు మొదట ఇంట్లో లాప్‌టాప్‌లో రాసింది. భర్త టీ తెచ్చి పక్కన పెట్టాడు. ఆయన ఉద్యోగాల పరీక్షలకి తయారుచేసే కోచింగ్ సెంటర్లో మాస్టారు.

"ఏంటంత దీక్షగా?"

"పెద్దసారికి ఎరండీ. ఈసారి దొరక్క ఎక్కడికి పోతారు?"

"పాపం, ఆయన జాతకం నీ చేతిలో పడింది," అని నవ్వాడు. ఇంత సరదాగా మాట్లాడే మొగుడు దొరకడం తన అదృష్టమనుకుని టీ తాగింది.

మర్నాడు ఆఫీసులో ఒక వంకర చెట్టు మీద ఆ జవాబుని నడిపి చూస్తే నాలిక్కరుచుకోవలసి వచ్చింది. ఇంట్లో ఆమె ఏం చేసిందంటే, ఎక్కడైనా బ్యాలెన్స్ తప్పగానే ఎత్తుకి బదులు మైనస్ ఏడు పైకి పంపించింది. అందరూ మైనస్ ఒకటి రాస్తారు. ఒకట్లూ సున్నాలూ లెక్కల గుంపులో కలిసిపోతాయి, ఏడయితే దూరం నుంచే కనిపిస్తుందని ఆమెకి పాత అలవాటు. బ్యాలెన్స్ ఒక్కటే అడిగితే ఆ కిటుకు చాలు. కానీ ఎత్తు ఉండాల్సిన చోట మైనస్ ఏడు కూర్చుంటే పైనున్న నోడ్లకి అసలు ఎత్తు ఎలా తెలుస్తుంది? ఎత్తు తెలియకపోతే డయామీటర్ కూడా గంగలో కలిసినట్టే. అందుకని ఒక్కో నోడ్ మూడు సంగతులూ వేరువేరుగా పంపేలా తిరగరాసింది: నిజమైన ఎత్తు, అంతవరకూ దొరికిన పెద్ద దారి, బ్యాలెన్స్ అవునా కాదా. ఫైల్లో ఈ సరైనదే పెట్టింది. పాతది ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంటర్వ్యూకి పెద్దసారిని కూడా రమ్మని పట్టుబట్టింది. మొహం కనిపించాలి కదా.

"మా అక్క కొడుకమ్మా, నేనెందుకు? బాగుండదు," అన్నాడాయన.

"మార్కులు వెయ్యొద్దు సార్, ఊరికే కూర్చోండి."

ఆయన మూలన కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నటన, అనుకుంది ఆమె. దొంగలు కళ్లద్దాలు ఎక్కువగా తుడుస్తారని అప్పటికప్పుడు తీర్మానించుకుంది కూడా.

ప్రశ్న చెప్పగానే ఆ కుర్రాడు మార్కరు మూత తీశాడు. ఆలోచించలేదు, అడగలేదు, బోర్డు మీద గబగబా రాసుకుపోయాడు. ఆమె లోపల పండగే. దొరికావు సారూ, ఇంక నీ పని అయిపోయింది అనుకుంటూ పెద్దసారి వైపు చూసి, మళ్లీ బోర్డు వైపు తిరిగింది.

తేడా ఒకటికి మించితే, మైనస్ ఏడు పంపు. అలా రాసి ఉంది అక్కడ.

ఫైల్లో మైనస్ ఏడు లేదు. ఎప్పుడూ లేదు. పెద్దసారు ఫైలంతా బట్టీ పట్టించినా ఈ ఏడు ఇక్కడికి రాదు.

"ఏడెందుకు?" అని అడిగింది.

"మైనస్ ఏదైనా పరవాలేదు మేడమ్. ఎత్తు ఎలాగూ మైనస్ అవ్వదు కదా."

ఆమె లేచి వంకర చెట్టు గీసింది. పైన ఒక నోడ్, దానికి ఎడమవైపు మూడు నోడ్లు ఒకదాని కింద ఒకటిగా గొలుసు, కుడివైపు అలాగే రెండు. "దీని మీద నడుపు."

కుర్రాడు కిందనుంచి లెక్క కట్టుకుంటూ వచ్చాడు. గొలుసు పై నోడ్ దగ్గర ఎడమ రెండు, కుడి సున్నా, బ్యాలెన్స్ తప్పింది. మైనస్ ఏడు పైకి పోయింది. అక్కడి నుంచి శిఖరందాకా అదే. ఎత్తు నాలుగు రావాలి, మైనస్ ఏడొచ్చింది. దారి ఎడమ మూడు, కుడి రెండు కలిపి ఐదు రావాలి, ఒకటి దగ్గరే ఆగిపోయింది.

"అదేంట్రా, చెట్టు నేలలోకి పెరిగిందా?" అన్నాడు పెద్దసారు. ఆయన మొహంలో నిఖార్సయిన అయోమయం ఉంది. ఆమె ఎన్నో మొహాలు చూసింది, ఇది నటన కాదు.

"ఎవరు నేర్పారు నీకు?"

కుర్రాడు తడబడ్డాడు. "కోచింగ్‌లో మేడమ్. మా మాస్టారు క్లాసులో అందరికీ చెప్పారు. ఈ వారం ఇది తప్పకుండా అడుగుతారన్నారు. ఆయన చెప్పినవి ఎప్పుడూ వస్తాయని పేరు మేడమ్."

ఏ సెంటరని అడగబోయి మానేసింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని, ఊరందరి దొంగల్నీ పట్టే పోలీసమ్మ మటుకు, దొంగ తెచ్చిచ్చిన టీ తాగి కప్పు కడిగి పెట్టింది. సిగ్గుతో, కోపంతో ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

బయట హెచ్.ఆర్. మేడమ్ ఎదురుచూస్తోంది. "రుజువు దొరికిందా?"

నోరు మూసుకుంటే చాలు, పెద్దసారు పోతాడు. కుర్రాడు రాసింది బోర్డు మీదే ఉంది, ఆయన మేనల్లుడన్న సంగతీ ఉంది. ఇంట్లో కాపురం ఇంట్లోనే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకి అసహ్యం వేసింది.

"దొరికిందండీ. లీకు మా ఇంట్లోంచి. నన్ను ఈ పని నుంచి తప్పించండి. పెద్దసారి మీద నేను చెప్పిందంతా తప్పు."

పెద్దసారు వెనకే నిలబడి ఉన్నాడు. ఆయనకి అంతా అర్థమయ్యేసరికి కాస్త టైం పట్టింది. తిట్టలేదు. "నన్ననుకున్నావా అమ్మా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లేసరికి భర్త సోఫాలో కూర్చుని ఉన్నాడు. టీ కప్పు సిద్ధంగా ఉంది.

"దొరికాడా మీ దొంగ? ఇంతకీ వచ్చే వారానికి ఏ ప్రశ్న?"

ఎన్నాళ్లుగానో వారం వారం వినే ప్రశ్నే. ప్రతిసారీ జవాబు చెప్పింది కూడా. ఆమె టీ ముట్టుకోలేదు. బల్ల మీదున్న కాగితం తీసి వంకర చెట్టు గీసింది, ఎడమ మూడు, కుడి రెండు, ఆయన ముందు పెట్టింది.

"మీరు క్లాసులో చెప్పిన లెక్క దీని మీద వేసి చూడండి, మాస్టారూ. ఎత్తు ఎంతొస్తుందో నాకు చెప్పండి."

ఆయన నవ్వుతూనే పెన్ను తీసుకున్నాడు. గొలుసు పై నోడ్ దాకా వచ్చి ఆగిపోయాడు. తర్వాత తలెత్తలేదు.