చీటీ మీద ఉన్న ఊరు

మొదటి విమానం దిగి నడవాలో నాలుగడుగులు వేశారో లేదో, టైలరమ్మ ఆగిపోయింది. నేల దానంతటదే కదులుతోంది. మనుషులు బొమ్మల్లా నిలబడి ముందుకు వెళ్లిపోతున్నారు.

"మరిదీ, ఇది చివరికెళ్లాక కిందికి మడుచుకుంటుందా? మన మిషను బెల్టులా?"

"వదినా, నీ ప్రశ్నలకి జవాబులు చెప్పేవాణ్ణయితే నేను బడి బస్సెందుకు తోలతాను? ఎక్కు ముందు."

ఆమె ఎక్కలేదు. పక్కనే నడుస్తూ చివరిదాకా వెళ్లి, వంగి చూసింది. కిందికే మడుచుకుంటోంది. "నే చెప్పలా!" అంది, ఆ బెల్టు తానే కుట్టినంత సంబరంగా.

వాళ్లు వెళ్లాల్సింది ఈ ఊరు కాదు. ఇంకో దేశంలో, ఒక హాస్టల్లో వంట చేసే అక్క దగ్గరికి. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అక్కకి కంటి ఆపరేషను. తోడుగా సొంతమనిషి వచ్చి సంతకం పెడితేనే చేస్తామని ఆసుపత్రివాళ్లు ఖండితంగా చెప్పారు. ఈ తేదీ తప్పితే మళ్లీ మూడు నెలల దాకా ఖాళీ లేదట. అప్పటికి ఆ కన్ను ఆగుతుందో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. అక్క ఊళ్లోనే బడి బస్సు తోలే మరిది సెలవు ముగిసి తిరిగి వెళ్తూ, వదినని వెంటబెట్టుకున్నాడు. ఆ రోజుకి రెండు విమానాలూ కలిపి ఇచ్చే ఒకే టికెట్లో సీట్లు దొరక్క, ఇక్కడిదాకా ఒకటి, ఇక్కణ్ణించి ఒకటి, వేర్వేరు విమాన సంస్థల్లో విడివిడిగా కొన్నాడు. మధ్యలో ఎనిమిది గంటల వ్యవధి. "కాళ్లు చాపుకుని కూర్చోవడమే" అన్నాడు బయల్దేరేటప్పుడు.

కూర్చోవడం సంగతేమోగాని, టైలరమ్మకి అప్పుడే ఒక అనుమానం పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఆమె అంగట్లో ఒకటే పద్ధతి. గుడ్డ రాగానే ఒక చీటీ రాసి సగానికి చింపుతుంది. సగం గుడ్డకి గుచ్చుతుంది, సగం గుడ్డ తెచ్చినవాళ్ల చేతిలో పెడుతుంది. విమానాశ్రయంలో బ్యాగుకి పొడుగాటి కాగితం చుట్టి, దాని చిన్న ముక్క తన చేతికిచ్చినప్పుడు ఆమె ముఖం విప్పారింది. 'వీళ్లదీ మన పద్ధతే!' ఆ ముక్కని పర్సులోపల పిన్నీసుతో గుచ్చుకుంది. ఆ తర్వాతే చూసింది, దాని మీద పెద్దగా ఉన్న మూడక్షరాలు అక్క ఊరివి కావని.

"చీటీ మీద ఏ ఊరుంటే గుడ్డ ఆ ఊరికే కదా మరిదీ?"

"బ్యాగు దానంతటదే వచ్చేస్తుంది వదినా. లోపలంతా కంప్యూటర్లు."

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్లీ బయటికి వచ్చింది. విమానం మారేవాళ్లు ఎటు వెళ్లాలో బాణం గుర్తు చూపిస్తోంది. అటు వెళ్తే ఒక కౌంటరుంది. అందులోని అమ్మాయి టికెట్లు చూసి, ఇంకేమీ అడగకుండా, "బ్యాగు చీటీ?" అన్నట్టు చెయ్యి చాపింది. టైలరమ్మ గర్వంగా పర్సు తెరిచింది. మరిది జేబులు తడుముకున్నాడు. అతని చీటీ బోర్డింగ్ కాగితం వెనక అంటించి ఉంది. ఆ కాగితం విమానంలోనే సీటు ముందున్న సంచిలో ఉండిపోయింది.

అమ్మాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది. మరిది విని వదినకి చెప్పాడు. "రెండు టికెట్లకీ సంబంధం లేదంట. బ్యాగు ఇక్కడే బెల్టు మీదికొస్తుందంట. రెండో విమానంవాళ్లకి ఇక్కడ లోపల కౌంటరు లేదంట. ఇమిగ్రేషన్ దాటి బయటికెళ్లి, బ్యాగులు తీసుకుని, బస్సులో రెండో టెర్మినల్‌కెళ్లి, అక్కడ మళ్లీ మొదట్నించీ అంతా చెయ్యాలంట."

"అంటే చీటీ మీద ఉన్న ఊరికే వచ్చింది."

"సరేలే, గెలిచావులే."

"ఈ దేశంలోకి వెళ్లనిస్తారా మనల్ని? మనకి వీసా లేదుగా?"

"ఒక్కరోజు పర్మిట్ ఇస్తారంట. ముందుకి టికెట్టు, అక్కడి వీసా చూపిస్తే చాలంట."

ఇమిగ్రేషన్ హాలు పెళ్లి పందిరంత ఉంది. తాళ్లు కట్టి జనాన్ని పాములా తిప్పుతున్నారు. టైలరమ్మకి కాలక్షేపానికి లోటులేదు. గాజు గదుల్లో ఆఫీసర్ల భుజం పట్టీలు చూసింది. అందులో ఒకావిడ పట్టీ అంచు కుట్టు చేత్తో వేసింది, మిషనుది కాదు. నేల మీద పసుపు గీత ఒక్కో కౌంటరు ముందు ఒక్కో దూరంలో ఎందుకుందో అర్థం కాలేదు. అడుగుదామంటే మరిది ఆమె కన్నా ముందున్నాడు. కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని గీత దాటాడు, "ట్రాన్సిట్" అన్నాడు, ముద్ర వేయించుకున్నాడు, అవతలికి వెళ్లాడు. నిమిషం పట్టలేదు.

తర్వాత ఆమె వంతు.

వారం రోజుల నుంచి మరిది ఆమెకి జవాబులు బట్టీ పట్టించాడు. అక్క ఊళ్లో దిగాక ఆఫీసరు అడుగుతాడని. ఎవరి దగ్గరికి? 'సిస్టర్.' ఎన్నాళ్లు? 'త్రీ మంత్స్.' ఎక్కడుంటావు? 'సిస్టర్ హౌస్.' అన్నం తింటూ, బస్సులో, విమానంలో కూడా చెప్పించాడు. ఆఫీసరంటే ఆఫీసరే కదా. ఇక్కడొకడు అక్కడొకడు ఉంటాడని ఇద్దరికీ తట్టలేదు.

"ఎన్ని రోజులు?" అన్నాడు ఆఫీసరు ఇంగ్లీషులో.

"త్రీ మంత్స్!" అంది టైలరమ్మ, క్లాసులో మొదటి ర్యాంకు పిల్లలా.

ఆఫీసరు తలెత్తాడు. "ఎక్కడ?"

"సిస్టర్ హౌస్."

"మీ సిస్టరు ఇక్కడుంటారా?"

అడిగింది సగమే అర్థమైంది. అర్థంకానిదానికి 'యస్' అనమని మరిది చెప్పాడు. "యస్, యస్" అంది.

ఆఫీసరు పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పాడు. ఇక్కడి వీసా లేదు. ముందుకి వెళ్లే టికెట్టు ఏదని అడిగాడు. అది మరిది చంకలో ఉంది. అవతలినుంచి మరిది అరిచాడు, "వదినా! ట్రాన్సిట్ అను! ట్రాన్సిట్!" ఒక గార్డు వచ్చి అతన్ని బ్యాగుల బెల్టుల వైపు వెనక్కి నెట్టాడు. గీత దాటినవాడు ఇటు రాకూడదు.

ఆఫీసరు పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుని, పక్కనున్న, చేతికుట్టు పట్టీ ఆవిడతో ఏదో చెప్పాడు. ఆవిడ టైలరమ్మని ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. బల్ల, రెండు కుర్చీలు, గోడ గడియారం. పదకొండున్నర. రెండో విమానం సాయంత్రం అయిదింటికి.

మొదటిసారి ఆమెకి ప్రశ్నలు రాలేదు. ఒక్కటే వచ్చింది: వెనక్కి పంపేస్తే, రేపు అక్క ఎవర్ని పట్టుకుని లోపలికి వెళ్తుంది?

అరచేతులు చీర కొంగుకి తుడుచుకుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతికింది. గుడ్డ పాడైతే ఏడవకూడదు, కుట్టు ఎక్కడ తప్పిందో చూసి అక్కణ్ణించి విప్పుకు రావాలి. ఆఫీసరు రోజులు అడిగాడు, తను నెలలు చెప్పింది. సిస్టరు ఇక్కడుంటుందా అన్నాడు, అవునంది. 'ఇక్కడ!' నాలుక కరుచుకుంది. మరిది నేర్పింది అక్కడి జవాబు. అడిగింది ఇక్కడి ప్రశ్న.

"మేడమ్," అంది. ఆవిడ చూసింది.

టైలరమ్మ పర్సు తీసి, పిన్నీసు విప్పి, బ్యాగు చీటీ బల్ల మీద పెట్టింది. మూడక్షరాల మీద వేలు ఆనించింది. "దిస్, హియర్. టికెట్ వన్. ఫినిష్."

తర్వాత పర్సులో అడుగున గుచ్చి ఉన్న ఇంకో ముక్క తీసింది. అది ఆమె అంగడి చీటీ. ఏ పని ఒప్పుకున్నా ఆమె ముందు చీటీ చింపుతుంది. అక్క దగ్గరికి వెళ్తానని ఒప్పుకున్న రోజూ అలవాటుగా చింపింది. మరిది ఫోన్లో చూసి రెండో విమాన సంస్థ పేరూ, బుకింగు నంబరుగా ఇచ్చిన ఆరక్షరాలూ దాని మీద రాసుకుంది. అప్పుడతను నవ్వాడు. "అక్కకి జాకెట్టు కుడుతున్నావా వదినా?"

ఆ ముక్కని మొదటిదాని పక్కన, కాస్త ఎడంగా పెట్టింది. "దిస్, టికెట్ టూ. సిస్టర్ దేర్. నాట్ హియర్." రెండింటి మధ్య ఖాళీ చూపించింది. సూదీ దారం పట్టుకున్నట్టు వేళ్లు పెట్టి, కుట్టు వేస్తున్నట్టు ఆడించి, తల అడ్డంగా ఊపింది. "నో స్టిచ్. సెపరేట్. ఐ స్టిచ్." గడియారం మీద అయిదు చూపించింది. "గో."

ఆవిడ రెండు ముక్కలకేసీ చూసింది. తర్వాత ఆ వేళ్లకేసి. పెదవి కొనల్లో కాస్త నవ్వు కదిలింది. ఫోనులో ఆ విమాన సంస్థ పేజీ తెరిచి, ఆరక్షరాలూ, పాస్‌పోర్టులోని ఇంటిపేరూ కొట్టింది. తేదీ, అయిదు గంటలు, అక్క ఊరు, అన్నీ వరుసగా వచ్చాయి. పాస్‌పోర్టు తెప్పించుకుని ఆ దేశం వీసా ఉన్న పేజీ చూసింది. "ట్రాన్సిట్?" అంది.

"ట్రాన్సిట్," అంది టైలరమ్మ, ఆ మాటని జాగ్రత్తగా మడతపెట్టి లోపల దాచుకుంటూ.

ఇరవైనాలుగు గంటల పర్మిట్ ముద్ర వేసి పంపారు. తలుపు దగ్గర టైలరమ్మ ఆగింది. పసుపు గీత ఒక్కోచోట ఒక్కో దూరంలో ఎందుకుందో అడగాలనుంది. ఇంగ్లీషు చాలక, ఆవిడ భుజం పట్టీ చూపించి, "హ్యాండ్?" అంది. ఆవిడ ఆశ్చర్యపోయి, తన చేతినే గుండెల మీద పెట్టుకుంది. "మై మదర్."

బెల్టు ఆగిపోయి ఉంది. రెండు బ్యాగులూ పక్కన దించి ఉన్నాయి. వాటి మధ్య మరిది నిలబడ్డాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా వల్లే వదినా. ముందు నిన్ను పంపాల్సింది. ఫైలైనా నీకివ్వాల్సింది."

"జవాబులు నేర్పావు, ఊరు నేర్పలేదు. పద."

బయటికి వెళ్లే దారిలో ఒకతను బ్యాగులకీ చీటీలకీ నంబర్లు పోలుస్తున్నాడు. ఆమెది ఒక్క చూపులో పంపేశాడు. మరిదిని పక్కకి జరిపి, బ్యాగు తెరిపించి, లోపల ఏమున్నాయో చెప్పించి, అతని పేరున్న బస్సు లైసెన్సు కనిపించాకే వదిలాడు.

"మా అంగట్లో అయితే," అంది ఆమె, "చీటీ పోగొట్టినవాళ్లకి చివర్లో ఇస్తాం."

టెర్మినళ్ల మధ్య తిరిగే బస్సులో పావుగంట. రెండో టెర్మినల్లో కౌంటరు రెండింటికి గాని తెరవలేదు. తెరవగానే వరుసలో మొదట నిలబడింది ఆమే. అక్కడి కుర్రది బ్యాగుకి కాగితం చుట్టి, ముక్క చింపి ఇచ్చింది. టైలరమ్మ చదివింది. బ్యాగు మీద ఉన్నదీ వంగి చదివింది. రెండింటి మీదా అక్క ఊరే. అప్పుడు పిన్నీసు పెట్టింది. మరిది కూడా, ఎవరూ చెప్పకుండానే, తనదాన్ని జేబులోంచి తీసి ఆమెకిచ్చాడు.

గేటు దగ్గర వైఫై దొరికాక అక్కకి ఫోను చేశారు.

"ఎక్కుతున్నారా?"

"ఎక్కుతున్నాం. ఎనిమిదింటికి నీ పక్కనుంటా. రాత్రి డాక్టరు చెప్పిన చుక్కలు వేసుకుని పడుకో."

"దారిలో ఏం ఇబ్బంది లేదు కదే?"

టైలరమ్మ మరిదికేసి చూసింది. అతను కిటికీలోంచి విమానాలు లెక్కపెడుతున్నాడు. "ఏం లేదక్కా. నేల నడుస్తుంది ఇక్కడ. వచ్చి చెబుతాలే."

ఫోను పెట్టాక మరిది గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఒక్కసారి చూసుకుందామా? దిగాక ఆఫీసరు ఎన్నాళ్లు అని అడిగితే ఏమంటావు?"

"ముందు నేనే అడుగుతా."

"ఏమని?"

"ఇది ఏ ఊరు బాబూ, అని."