మింగేసిన సెమికోలన్

...ఒక టోకెన్, అంటే ప్రోగ్రాంలోని ఒక పేరో సంఖ్యో గుర్తో, ఎక్కడ ముగిసిందో తెలియాలంటే దాని తర్వాతి అక్షరాన్ని చదవక తప్పదు. ఆరేళ్లుగా కౌసర్ ఈ మాటే చెబుతోంది. ఈమధ్య చెబుతుంటే తన గొంతు తనకే వినిపించడం లేదు. జడ్చర్ల దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె కాంట్రాక్టు అధ్యాపకురాలు. ఇవాళ కంపైలర్ ల్యాబ్ పరీక్ష: ఇచ్చిన వరుసను టోకెన్లుగా విడగొట్టే లెక్సర్ ప్రోగ్రాం రాయాలి. కిటికీలు మూసినా ఎండ వేడి లోపలే ఉంది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సురేశ్, విద్యార్థిని మనీష కీబోర్డు ముందుకు జరిగి x=25; అని కొట్టాడు. మధ్యలో ఎక్కడా ఖాళీ పెట్టలేదు. తెరమీద రెండే టోకెన్లు కనిపించాయి: పేరు x, సంఖ్య 25.

"ఈక్వల్ ఏడవోయింది? సెమికోలన్ ఏడవోయింది? నీ లెక్సర్ పొద్దుగాల టిఫిన్ చెయ్యలేదా ఏందమ్మా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మనీష చెవులు ఎర్రబడ్డాయి.

"ఖాళీలు పెట్టి కొడితే నాలుగూ వస్తున్నయి సార్. ల్యాబ్ మాన్యువల్‌ల గట్లనే ఉన్నది."

"మాన్యువల్ మీదికి తోసుడు బాగ నేర్చిండ్రు. సీ భాషల ఖాళీలు పెట్టాల్నని ఎవరు చెప్పిన్రు? ఫెయిలే గిది. వచ్చే ఏడు రా."

మనీషకు ఇదే ఆఖరి పరీక్ష. ఆమె కౌసర్ వైపు చూసింది.

కౌసర్‌కు తెలుసు. మాన్యువల్‌లో ఆ ప్రోగ్రాం తను రాసిందే. అంకెలు చదివే స్థితిలో ఉన్నప్పుడు అంకె కానిది ఎదురైతే సంఖ్యను టోకెన్‌గా అచ్చువేసి మొదటి స్థితికి వెళ్తుంది. చదివేసిన ఆ అక్షరాన్ని మాత్రం వెనక్కి పెట్టదు. పేర్ల దగ్గరా అంతే. పోయింది ఖాళీ అయితే ఎవరికీ పట్టదు, గుర్తయితే గల్లంతే. మూడేళ్ల కింద ఇది ఆమె కంటపడింది. అప్పటికే మాన్యువల్ స్పైరల్ బైండింగ్ అయిపోయింది, హెచ్‌ఓడీ సంతకమూ పడింది. మళ్లీ మారుస్తానని అడగడానికి వెళ్లాలంటే ఒంట్లో సత్తువ లేదనిపించింది. అడుగున ఒక్క ముక్క చేర్చింది: 'ఇన్‌పుట్‌లో ప్రతి గుర్తుకూ ముందూ వెనకా ఖాళీ ఉంచవలెను.' అప్పట్నుంచీ పిల్లలు దాన్ని నియమంలా పాటిస్తున్నారు, ఒక బ్యాచ్ రికార్డులోంచి ఇంకో బ్యాచ్ రికార్డులోకి దించుకుంటూ.

ఇప్పుడు ఒప్పుకుంటే జూన్‌లో కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో. ఆ ఆలోచన కూడా పెద్దగా భయపెట్టలేదు. అలసటే భయాన్ని మింగేసిందేమో. మనీష అప్పటికే బ్యాగు జిప్పు లాగుతోంది.

"జర ఆగు మనీషా. కూసో," అంది కౌసర్.

"ఏంది మేడం?" సురేశ్ మార్కుల షీటు మీదినుంచి తలెత్తాడు.

కౌసర్ మాన్యువల్ తెరిచి, మొదటి స్థితికి తిరిగి వెళ్లే రెండు చోట్లా, ఆ వరుసల పైన, చదివిన అక్షరాన్ని వెనక్కి పెట్టే ungetc(c, fp); అని ఎర్రపెన్నుతో రాసింది. అడుగున ఉన్న ఖాళీల నియమాన్ని అడ్డంగా కొట్టేసింది. దాని పక్కన తన సంతకం పెట్టి, పుస్తకాన్ని సురేశ్ ముందుకు జరిపింది.