పాలసీకి తెలియని దీపావళి

పాండురంగగారి నోటి నుంచి తన కొట్లో సరుకు ఎంతుందో నిజం రాబట్టిన మనిషి మేం వలసొచ్చిన క్రెయిగీబర్న్‌లో ఇంకా పుట్టలేదు. అడగ్గానే ఆయన షెల్ఫుల వైపు దిగులుగా చూసి నిట్టూరుస్తారు. "ఏముందమ్మా, నాలుగు డబ్బాలు, రెండు బస్తాలు." ఆ నాలుగు డబ్బాలూ దాటి కౌంటర్ దగ్గరకు చేరాలంటే నాలాంటి మనిషి పక్కకు తిరిగి నడవాలి. అదంతా దిష్టి భయం. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరి కళ్లో పడతాయని ఆయన నమ్మకం.

దిష్టి గొడవ పక్కింటివాళ్లతో పెట్టుకుంటే నాకేం? నాతోనూ పెట్టుకుంటారు. నా పేరు లలితకుమారి. నేను ఇన్సూరెన్స్ బ్రోకర్‌ని. చిన్న షాపులకు పాలసీలు ఇప్పించడం నా పని. వాళ్లు చెప్పిన అబద్ధాలకు అరవడం నా ఓవర్‌టైమ్.

ఫైర్ పాలసీలో సరుకు విలువ మనమే చెప్పాలి, కొన్న ధర ప్రకారం. మనం చెప్పిన మొత్తం అసలు విలువలో కనీసం ఎనభై శాతమైనా ఉండాలి. అంతకు తగ్గితే, ఎంత వంతు తగ్గిందో అంత వంతు క్లెయిమ్ కూడా కోసేస్తారు. కాలింది ఒక్క షెల్ఫే అయినా సరే. ఈ సంగతి ఆయనకు బొమ్మలు గీసి మరీ చెప్పి, రెండేళ్లు పోరాడి, చివరికి లక్షా ఇరవై వేల డాలర్లు అని నిజం రాయించాను. రాసిన తర్వాత ఆయన గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకున్నారు.

అయితే అది మామూలు రోజుల లెక్క. వినాయక చవితి నుంచి దీపావళి దాకా ఆ కొట్టు ఇంకో కొట్టు. పట్టుచీరలు, ఇత్తడి కుందులు, నేతి డబ్బాలు, పిండివంటల సామాను, అన్నీ కలిసి రెండు లక్షలు. ఆ రెండు నెలల కోసం ఏడాదంతా పెద్ద ప్రీమియం కట్టడం దేనికని పాలసీలో ఒక వెసులుబాటు ఉంది. సీజన్‌లో మనం రాయించిన మొత్తాన్ని యాభై శాతం పెంచినట్టు లెక్కేస్తారు. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ దానంతటదే పెరుగుతుంది. మన పండగలు పాలసీ రాసినవాళ్లకు తెలియవు కాబట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో మనమే రాయించుకోవాలి.

నవంబర్ మూడు, శుక్రవారం పొద్దున ఏడింటికి పాండురంగగారి భార్య సుగుణగారు ఫోన్ చేశారు. "లలితగారూ, షాప్‌లో ఫైర్ అండీ."

నేను వెళ్లేసరికి ఫైర్ ఇంజన్ హోస్ చుట్టుకుంటోంది. వెనక ఫ్రీజర్ ప్లగ్ దగ్గర మొదలైందట. కొట్టు వెనక భాగమంతా నల్లగా బొగ్గయింది. చీరల మూటలు తడిసి కుప్పలుగా పడి ఉన్నాయి. ముందు భాగం బాగానే ఉంది. పాండురంగగారు పేవ్‌మెంట్ మీద లుంగీతో నిలబడి ఉన్నారు. పన్నెండేళ్లలో ఆయన్ను ప్యాంటు లేకుండా చూడలేదు.

"దీపావళి తొమ్మిది రోజులుందమ్మా," అన్నారు.

"భయపడకండి, సీజన్ కవర్ ఉంది," అంటూ ఫోన్‌లో పాలసీ తెరిచాను. సీజన్: ఆగస్టు ఇరవై నుంచి అక్టోబర్ ముప్ఫై ఒకటి.

మళ్లీ చదివాను. అక్టోబర్ ముప్ఫై ఒకటే. క్రిస్మస్ పెంపు చూస్తే నవంబర్ పదిన మొదలు. మన పండగ పాలసీలో మూడు రోజుల క్రితం అయిపోయింది, వాళ్ల పండగ ఇంకా రాలేదు. మంట సరిగ్గా ఆ సందులో పడింది.

నాకు అర్థమైంది. నిరుడు దీపావళి అక్టోబర్ ఇరవై నాలుగున వచ్చింది. ఈ ఏడు అధిక మాసం వచ్చి పండగలన్నీ పందొమ్మిది రోజులు ఆలస్యమయ్యాయి. పాలసీలో మాత్రం నిరుటి తేదీలే ఉన్నాయి.

కోపం వస్తే నాకు ఎదుటివాళ్లు లుంగీలో ఉన్నారా, కష్టంలో ఉన్నారా అన్న ఇంగితం ఉండదు. "మీరు పంచాంగాలు అమ్ముతారు కదండీ! కౌంటర్ మీదే గుట్టలుగా ఉన్నాయి! అధిక మాసంలో షాపింగ్ చెయ్యకూడదని నాకు మిక్సీ అమ్మనని పంపేశారు! రెన్యూవల్ ఫామ్ మీద మాత్రం తేదీలు మార్చలేకపోయారా?"

ఆయన తల దించుకున్నారు. "రాశాననుకున్నానమ్మా."

"రాస్తే పాలసీలో ఉండేది!"

"అవునమ్మా. నాదే బుద్ధి తక్కువ."

సుగుణగారు మొగుడి వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు ముందు నా అరుపులు ఎందుకూ పనికిరావు.

మధ్యాహ్నం మళ్లీ వెళితే సుగుణగారి తమ్ముడు వెంకీ వ్యాన్ వెనక్కి తిప్పి గుమ్మానికి ఆనించి ఉంచాడు. పాండురంగగారు బాగున్న నేతి డబ్బాలు అందిస్తున్నారు.

"ఎక్కడికివి?"

"మా గరాజ్‌కి అక్కా," అన్నాడు వెంకీ హుషారుగా. "నేను క్యాలిక్యులేట్ చేశా. టోటల్ రెండు లక్షలు ఉంటే ఎయిటీ పర్సెంట్ లక్షా అరవై. మనది లక్షా ఇరవై. అంటే నాలుగింట మూడొంతులే ఇస్తారు. బాగున్న సరుకులో యాభై వేలు తీసేస్తే టోటల్ లక్షన్నర అవుద్ది, దాన్లో ఎయిటీ పర్సెంట్ కరెక్ట్‌గా లక్షా ఇరవై. ఫుల్ పేమెంట్!"

వెధవకు లెక్కలు బాగానే వచ్చు. నాకు ఒళ్లు మండిపోయింది. "బిల్లులన్నీ హోల్‌సేల్ వాళ్ల దగ్గరుంటాయి. అవి తెప్పిస్తారు. మోసం అని తేలితే మూడొంతులు కాదు కదా, మూడు డాలర్లు కూడా రావు. దించు!"

"అక్కా, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది. దించు."

పాండురంగగారు వ్యాన్ ఎక్కి, ఒక్కో డబ్బా తీసుకొచ్చి మళ్లీ షెల్ఫుల్లో సర్దారు. లేబుళ్లు ముందుకు తిప్పి మరీ సర్దారు.

సోమవారం ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేయడానికి డారెన్ వచ్చాడు. పెద్దమనిషి, బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని బురదలో నెమ్మదిగా తిరిగాడు. "మొత్తం సరుకు ఎంత ఉండేది?" అని అడిగాడు.

పాండురంగగారి మొహంలో కనిపించిన అవస్థ నేను జన్మలో మర్చిపోను. పెదవులు "నాలుగు" అనడానికి సిద్ధమయ్యాయి. కళ్లు నా వైపు తిరిగాయి. చివరికి గొంతు సవరించుకుని, "టూ హండ్రెడ్ థౌజండ్ సర్. ఫుల్ షాప్ సర్," అన్నారు. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు నోటితో చెప్పారు. ఆ నిజమే ఆయనకు ఇరవై వేలు నష్టం. కాలిందీ తడిసిందీ ఎనభై వేలు. మూడొంతులంటే అరవై. మిగతా ఇరవై వేలు గాలికి పోయినట్టే. హోల్‌సేల్ వాళ్లకు ఆ డబ్బు కట్టాలి. కట్టకపోతే వాళ్లు సంక్రాంతి సరుకు పంపరు. సరుకు లేకపోతే కొట్టు మూతే.

ఊళ్లో మాటలకు కొదవ లేదు. పంచాంగం అమ్మేవాడు అధిక మాసం మర్చిపోయాడట అని గుడిలో, బార్బెక్యూ విందుల్లో, ఎక్కడ చూసినా అదే నవ్వు. నేను కూడా రెండు చోట్ల చెప్పి నవ్వించాను. అది ఒప్పుకోవాలి.

గురువారం పాండురంగగారు మా ఆఫీసుకు వచ్చి బల్ల మీద సున్నుండల డబ్బా పెట్టారు. "మిమ్మల్ని ఇరకాటంలో పెట్టానమ్మా. సుగుణ నాతో మాట్లాడ్డం లేదు. న్యాయమే. ఒక్క లైను రాసుంటే సరిపోయేది."

ఆయన వెళ్లాక సున్నుండ తింటూనే క్లెయిమ్ ఫైలు కోసం ఆయన రెన్యూవల్ ఫామ్ ప్రింట్ తీశాను. జూన్ ఆఖరు రోజున ఆయన వాట్సాప్‌లో పంపిన ఫొటో అది. ఆరోజు ఈ దేశంలో సగం పాలసీలు సాయంత్రం నాలుగింటికి ముగుస్తాయి, బ్రోకర్లకు నీళ్లు తాగే తీరికుండదు. మార్పులేమైనా ఉన్నాయా అన్న మొదటి ప్రశ్నకు 'సేమ్ యాజ్ లాస్ట్ ఇయర్' అని రాశారు. అది చూసి నేను అన్నీ నిరుటివే ఎక్కించాను.

ఫొటో అంచున, పక్కకు తిప్పి, పెన్సిల్‌తో తెలుగులో రెండు లైన్లున్నాయి. 'అమ్మా, ఈ సంవత్సరం అధిక మాసం. దీపావళి నవంబర్ 12. సీజన్ 20 దాకా ఉంచండి.'

సున్నుండ గొంతులో అడ్డం పడింది.

రాశారు. మనిషి రాశారు. పేవ్‌మెంట్ మీద నిలబెట్టి ఆయన్ను అన్ని మాటలన్నాను, ఆ మాటలన్నీ పడాల్సింది నేనే. మా ఆఫీసులో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆయనే తను రాసింది మర్చిపోయారు. ఆ కాగితం డ్రాయర్లో పడేస్తే చాలు, అడిగేవాడు లేడు. ఎవరికి తెలుస్తుంది అన్న వెంకీ ప్రశ్న నా నోట్లోకే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బ్రోకర్లకు కూడా ఒక పాలసీ ఉంటుంది. మా పొరపాటు వల్ల క్లయింట్‌కు నష్టం వస్తే అది కడుతుంది. మొదటి ఐదు వేలు నా జేబులోంచి పోతాయి. అందులో ఇంకో షరతు ఉంది. ఆ పాలసీ ఇచ్చిన కంపెనీ అనుమతి లేకుండా 'తప్పు నాది' అని నేను ఎవరితోనూ అనకూడదు. వెంటనే వాళ్లకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాను. ఆయన ఫామ్ ఆయనకు చూపించొచ్చు, ఫిర్యాదు రాసివ్వొచ్చని చెప్పొచ్చు, అంతకు మించి నోరు విప్పొద్దు అన్నారు. నోరు విప్పకుండా ఉండటం నాకు చేతకాని పని.

సాయంత్రం కొట్టుకు వెళ్లాను. దంపతులిద్దరూ చెరో మూల గోడలకు పట్టిన మసి తుడుస్తున్నారు. కాగితం ఆయన చేతిలో పెట్టి, "చదవండి," అన్నాను.

చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత పెట్టిన కేకకు నేను ఉలిక్కిపడ్డాను.

"సుగుణా! నేను రాశాను! చూడు, నా చేతిరాతే! నవంబర్ పన్నెండు అని తేదీతో సహా రాశాను!"

సుగుణగారు వచ్చి చదివారు. వారం రోజుల తర్వాత మొదటిసారి మొగుడి మొహం వైపు చూశారు. "రాశారండీ," అన్నారు నెమ్మదిగా. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై వేల మాట ఇద్దరికీ గుర్తే లేదు.

కాసేపటికి ఆయన నా వైపు తిరిగారు. "అంటే..."

"నేనేం మాట్లాడకూడదు. నా మీద కంప్లైంట్ రాసివ్వండి. మిగతాది నా ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు."

"మీ మీదా? ఛ ఛ, ఎంత మాట! ఆడకూతురి మీద..."

"రాయండి!"

కౌంటర్ దగ్గర కూర్చుని రాశారు. తీసుకుని చూశాను. 'గౌరవనీయులైన లలితకుమారిగారు దేవతలాంటి మనిషి. పని ఒత్తిడిలో చిన్న పొరపాటు జరిగి ఉండవచ్చునేమో అని సందేహం. దయచేసి ఏమీ అనుకోవద్దు.' ఇంగ్లీషులోకి మారిస్తే అది నాకు అవార్డు ఇమ్మని రాసిన సిఫారసు.

చించేశాను. "కొత్త కాగితం తీసుకోండి. నేను చెబుతాను, మీరు రాయండి. నేను తేదీ స్పష్టంగా రాసి పంపాను. ఆవిడ చదవలేదు. పైగా అందరి ముందూ నన్నే తిట్టింది."

పెన్ను ఆగిపోయింది. "తిట్టిందీ అని కూడా రాయాలా అమ్మా?"

"దానికి డబ్బులు రావు," అన్నాను. "అయినా రాయండి."