శుక్రవారంలోగా చెప్పండి మేడం

సంగీతకు ఒళ్లు మండిపోతోంది. సిరిసిల్ల కుట్టు కంపెనీలో సూపర్‌వైజర్ పనికి ఇంటర్వ్యూ చేశారు, మిషన్ మీద కుట్టించి చూశారు, "చెప్తం" అని పంపేశారు. అంతే, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఈలోగా తమిళనాడులోని తిరుప్పూర్ కంపెనీ ఆఫర్ కాగితం పంపింది. శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలట. సిరిసిల్లలో దొరికితే కోనరావుపేట నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు, రాత్రికి బిడ్డ పక్కన పడుకోవచ్చు. తిరుప్పూరంటే పండక్కో పబ్బానికో ముఖం చూడటమే.

"సిరిసిల్లోళ్లకు ఫోన్ చేసి, తిరుప్పూరోళ్లు డబుల్ జీతమిస్తున్నరని చెప్పు. ఉరికొస్తరు," అన్నాడు భర్త ఓదెలు. ఏళ్ల తరబడి దుబాయ్‌లో ఉండి, పోయినేడు ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషి.

"రేపు కాయితం చూపియ్యమంటే మొఖం యాడ వెట్టుకోవాలె? ఉన్నదే చెప్త."

సిరిసిల్ల కంపెనీలో మనుషుల్ని తీసుకునే నవ్య మేడంకు ఫోన్ చేసింది. కోపం గొంతులోకి రాకుండా పళ్ల బిగువున ఆపుకుంది.

"మేడం, నేను సంగీతను, సూపర్‌వైజర్ పనికి వచ్చిపోయిన. నాకు ఇంకోకాడ ఆఫర్ వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోపు వాళ్లకు జవాబు చెప్పాలె. నాకైతే మీకాడ చెయ్యాలనే ఉన్నది. గంతకు ముందే మీ నిర్ణయం చెప్పగలరా? కాదన్నా సరే, తెలిస్తే చాలు."

"మీకు తొందర లేదనుకున్నమమ్మా," అంది నవ్య. "నేను ఫోన్ చేస్తే మీ ఆయన ఎత్తి, 'మీ దయ మేడం, ఏడాదైనా ఆగుతది' అన్నరు. అందుకే వేరేవాళ్లను ముందు చూసినం. ఇంక ఒక్కటే ఖాళీ ఉంది. మేనేజర్‌ను అడిగి గురువారం చెప్త, మాటైతే ఇయ్యలేను. ఉన్నదున్నట్టు చెప్పినందుకు థాంక్స్."

ఫోన్ పెట్టి సంగీత మొగుడి వైపు తిరిగింది. "ఏడాదైనా ఆగుతదన్నవా?"

ఓదెలు మెల్లగా ఒప్పుకున్నాడు. "గల్ఫ్ ఏజెంట్లతోని గట్లనే మాట్లాడుదుము. తొందర చేసినోని పాస్‌పోర్టు కట్టల అడుగుకు వోతుండె."

"గామె ఏజెంటా? ఉద్యోగం నాది, ఆగేది నేను. నడుమ నీ నోరేంది?"

ఆ పూట ఇంట్లో ప్రతి గిన్నే చప్పుడు చేసింది. ఓదెలు తలెత్తకుండా తిన్నాడు.

గురువారం నవ్య అన్న మాట ప్రకారం ఫోన్ చేసింది. ఆ ఉద్యోగం కంపెనీలోనే పనిచేసే ఒకామెకు ఇచ్చారట. "మీ చేతిలో ఉన్న ఆఫర్ వదులుకోకండి," అంది.

సంగీత మర్యాదగా థాంక్స్ చెప్పి, ఆ వెంటనే తిరుప్పూర్‌కు 'వస్తాను' అని మెసేజ్ పెట్టింది. ఇక అప్పుడు ఏడ్చింది, ఏడుపుకంటే తిట్లే ఎక్కువ.

"అడగకపోతే ఇంకా ఆశ ఉంటుండె గద," అని గొణిగాడు ఓదెలు.

"ఆశ వెట్టుకొని కూసుంటే రెండూ పోతుండె." ముక్కు చీది, దువ్వెన తీసి అతని చేతిలో పెట్టింది. "బిడ్డను పిలువు. జడ ఎట్లెయ్యాల్నో నేర్పిస్త."